ఇంటర్న్‌షిప్ ఆఫర్ లెటర్: సంతకానికి ముందు చదవాల్సిన రెండు పేజీలు

భీమవరం దగ్గరి ఓ ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ చివరి ఏడాది చదువుతున్న అమ్మాయికి హైదరాబాద్‌లోని మధ్యతరహా సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందనుకుందాం. దానికి జత చేసిన పీడీఎఫ్ రెండే పేజీలు. 2026 జనవరి 12 నుంచి జులై 10 దాకా ఇంటర్న్‌షిప్, నెలకు 15,000 రూపాయల స్టైపెండ్, మాదాపూర్ ఆఫీసులో వారానికి ఐదు రోజుల పని. రెండో పేజీ చివర్లో ఒక వాక్యం: ‘ఇంటర్న్‌షిప్ పూర్తి చేసినంత మాత్రాన సంస్థలో ఉద్యోగం ఇస్తామన్న హామీ ఏదీ లేదు.’ మూడు రోజుల్లో సంతకం చేసి పంపాలి.

ఈ ఉత్తరం నమూనాగా అల్లుకున్నదే. కానీ ఇందులోని వాక్యాలు ఏటా మన ఊళ్లలో వేల ఇళ్లకు వచ్చేవే. ఇంట్లో వాళ్ల కళ్లు రెండు చోట్ల పడతాయి. అమ్మ 15,000 దగ్గర ఆగుతుంది, నాన్న ఆఖరి వాక్యం దగ్గర. “ఆర్నెల్లు పని చేయించుకుని ఉద్యోగం మాత్రం ఇవ్వరా? ఇదేం ఉత్తరమమ్మా?” అని ఆయన అడిగితే తప్పు పట్టలేం. నాలుగేళ్లు ఫీజులు కట్టినాయన. కానీ ఆ ఉత్తరంలో ఆయన అసలు అడగాల్సిన చోటు వేరే ఉంది. మొదటి పేజీ మధ్యలో, ‘నేర్చుకునే అంశాలు’ అన్న శీర్షిక కింద ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశారు: ‘సంస్థ చేపట్టిన వివిధ ప్రాజెక్టుల్లో పనిచేస్తూ పారిశ్రామిక అనుభవం పొందుతారు.’ ఉద్యోగం హామీ లేదన్న వాక్యం న్యాయంగా ఉందా లేదా అన్నది ఈ వాక్యాన్ని బట్టి తేలుతుంది.

కంపెనీ పూర్తి జీతం ఇవ్వదు, ఉద్యోగం ఇస్తానని మాటా ఇవ్వదు. మరి విద్యార్థి ఆరు నెలల కాలానికి బదులుగా ఇచ్చేదేమిటి? నేర్పడం ఒక్కటే. దాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టి, ఇవ్వనివన్నీ వివరంగా రాస్తే ఒప్పందం ఒకవైపే ఒరుగుతుంది.

ఈ తూకం గురించి అమెరికాలో ఒక పెద్ద కేసే నడిచింది. 2010లో వచ్చిన ‘బ్లాక్ స్వాన్’ సినిమా నిర్మాణంలో ఎరిక్ గ్లాట్, అలెగ్జాండర్ ఫుట్‌మన్ జీతం లేని ఇంటర్న్‌లుగా పనిచేశారు. కాగితాలు సర్దడం, చిన్నచిన్న పనుల మీద తిరగడం, కాఫీలు తేవడం వంటివి వాళ్ల పనుల్లో ఉండేవి. ఉద్యోగి చేసే పని మాతో చేయించుకుని ఇంటర్న్ అని పేరు పెట్టారంటూ 2011లో ఫాక్స్ సెర్చ్‌లైట్ మీద దావా వేశారు. 2013లో కింది కోర్టు వాళ్ల పక్షాన చెప్పింది. 2015లో అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, ఇలాంటి తగవులన్నిటికీ ఒక కొలబద్ద ఇచ్చింది: ఈ ఏర్పాటు వల్ల ప్రధానంగా లాభపడుతున్నది విద్యార్థా, సంస్థా? అది తేల్చడానికి ఏడు అంశాలు చూడమంది. శిక్షణ కాలేజీలో దొరికే దానిలాంటిదేనా, చదువులోని క్రెడిట్లతో ముడిపడి ఉందా, పరీక్షల క్యాలెండర్‌కు అడ్డు రాకుండా ఉందా, నేర్చుకోవడానికి ఎంత కాలం పడుతుందో అంతవరకే సాగుతోందా, జీతం తీసుకునే ఉద్యోగి స్థానంలో ఇంటర్న్‌ను కూర్చోబెట్టారా అన్నవి అందులో ఉన్నాయి. డబ్బు గురించి, ఆఖరున ఉద్యోగం గురించి ఇద్దరికీ ముందే స్పష్టత ఉందా అన్నవి మిగతా రెండు. 2018 జనవరిలో అమెరికా కార్మిక శాఖ కూడా ఇదే కొలబద్దను స్వీకరించింది.

బహుళజాతి కంపెనీల ఉత్తరాల్లో ‘ఉద్యోగం హామీ లేదు’ అన్న వాక్యం తప్పనిసరిగా కనిపించడానికి ఇలాంటి చట్ట చరిత్ర ఒక కారణం. అయితే ఆ ఏడింటిలో అది ఒక్క అంశమే. మిగతావి కంపెనీ ఏం నేర్పుతుంది, ఎలా నేర్పుతుంది అన్న వాటి చుట్టూ తిరుగుతాయి. మన దగ్గరికి ఆ ఒక్క వాక్యం భద్రంగా చేరింది, మిగతావి దారిలో రాలిపోయాయి.

భారతదేశంలో ఇంటర్న్‌ల కోసం ప్రత్యేకంగా ఒక చట్టమంటూ లేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది కానీ, దాని కింద ఒప్పందం నమోదైన అప్రెంటిస్‌లకే అది వర్తిస్తుంది. వాళ్లకు కనీస స్టైపెండ్‌ను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఆ చట్టం కూడా అప్రెంటిస్‌ను కార్మికుడిగా కాకుండా శిక్షణ పొందే వ్యక్తిగానే చూస్తుంది. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత యజమానికి లేదని మొదట్లో అందులో నేరుగానే రాశారు. 2014 సవరణ తర్వాత ఆ మాట మారి, శిక్షణ పూర్తి చేసినవారిని తీసుకునే విషయంలో ప్రతి సంస్థా తన సొంత విధానం రూపొందించుకోవాలని అయింది. కాలేజీ చదువులో భాగంగా వచ్చే మామూలు ఇంటర్న్‌కు ఈ రక్షణ కూడా లేదు. ఆ అమ్మాయికీ కంపెనీకీ మధ్య ఏముందో చెప్పే కాగితం దాదాపుగా ఆ రెండు పేజీలే. అందుకే అందులో రాసినదానికి అంత విలువ.

ముందు నాన్నగారి ప్రశ్న సంగతి చూద్దాం. క్యాంపస్‌కు వచ్చే ఆఫర్లు మూడు రకాలు. ఒకటి ఉత్త ఇంటర్న్‌షిప్. రెండోది, కాలేజీలో ‘ఇంటర్న్ ప్లస్ పర్ఫార్మెన్స్ బేస్డ్ పీపీఓ’ అని పిలుచుకునేది. బాగా చేస్తే ఉద్యోగానికి పరిశీలిస్తామని అర్థం. మూడోది ఇంటర్న్‌షిప్‌తో పాటే ఉద్యోగం ఖాయం చేసేది. ఇందులో సాధారణంగా రెండో కాగితం కూడా ఉంటుంది. హోదా, ఏడాది జీతం, చేరే నెల ఆ కాగితంలో అంకెలతో ఉంటాయి. రెండో రకాన్ని మూడో రకంగా పొరబడటం వల్లే ఎక్కువ ఇళ్లలో జులైలో నిరాశ మిగులుతుంది. గుర్తుపట్టే తీరు సులువే. ఉత్తరంలో జీతం అంకె, హోదా, చేరే తేదీ మూడూ లేకపోతే, ‘పరిగణిస్తాం’ అన్న మాట ఎన్నిసార్లు రాసినా అది ఉద్యోగం ఆఫర్ కాదు. ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ నవ్వుతూ “మా దగ్గర చాలామందిని కన్వర్ట్ చేస్తామండి” అన్న మాట నిజమే కావచ్చు. కానీ కాగితం మీద దానికి విరుద్ధంగా స్పష్టమైన వాక్యం ఉన్నప్పుడు ఆ మాట మీద ఆధారపడి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

నిర్ణయం అనడానికి కారణం ఉంది. చాలా కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్‌లో ఒక విద్యార్థికి ఒక ఆఫర్ అన్న నియమం ఉంటుంది. రెండో రకం ఆఫర్ మీద సంతకం చేయగానే ఆ అమ్మాయి పేరు మిగతా కంపెనీల జాబితా నుంచి తీసేస్తే, హామీ లేని ఆఫర్ కోసం హామీ ఉన్న అవకాశాలన్నీ వదులుకున్నట్టే. సంతకానికి ముందు ప్లేస్‌మెంట్ అధికారిని అడగాల్సింది ఒక్కటే: “సార్, ఇది ఒప్పుకుంటే మిగతా డ్రైవ్‌లకు కూర్చోనిస్తారా?” జవాబు మెయిల్‌లో తీసుకోవాలి. కంపెనీని కూడా ఒక మాట అడగొచ్చు. ఉద్యోగం ఇస్తారా అని కాదు, ఇచ్చేదీ లేనిదీ ఎప్పటిలోగా చెబుతారు అని. ‘మే 31 లోగా తెలియజేస్తాం’ అన్న ఒక్క వాక్యం ఉత్తరంలో చేరితే, జవాబు లేదనే అయినా, మిగిలిన ఆరు వారాల్లో వేరే చోట ప్రయత్నించుకునే వీలుంటుంది. హామీ ఇవ్వనన్న కంపెనీ తేదీ ఇవ్వడానికి అభ్యంతరం చెప్పాల్సిన పని లేదు.

ఇక నేర్చుకునే అంశాలు. ‘పారిశ్రామిక అనుభవం పొందుతారు’ అన్న వాక్యంలో ఉన్న చిక్కు ఏమిటంటే, అది ఎప్పటికీ అబద్ధం కాదు. ఆరు నెలలు ఎక్సెల్ షీట్లు నింపినా అది అనుభవమే. రాసిన అంశం మంచిదో కాదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. జులై 10న ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఇది జరిగింది, ఇది జరగలేదు అని చెప్పగలగాలి. అలా చెప్పగలిగేలా రాస్తే అదే ఉత్తరం ఇలా ఉంటుంది: మొదటి నాలుగు వారాలు జావా, స్ప్రింగ్ బూట్‌లో శిక్షణ, టీమ్ వాడుతున్న కోడ్‌కు యూనిట్ టెస్టులు రాయడం. మార్చి చివరికి, ఒక సీనియర్ ఇంజినీర్ సమీక్షించి ఆమోదించిన కోడ్ మార్పులు కొన్నయినా ఉండాలి. ఏప్రిల్ నుంచి ఒక చిన్న సేవను డిజైన్ నుంచి టెస్టింగ్ దాకా సొంతంగా కట్టడం. జులై మొదటి వారంలో టీమ్ ముందు డెమో. మెంటార్ ఎవరో పేరు, ఆ మెంటార్‌తో వారానికి అరగంట సమావేశం.

అరగంట సమావేశం చిన్న విషయంగా అనిపిస్తుంది కానీ ఇంటర్న్‌షిప్ చెడిపోవడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. మొదటి రెండు వారాలు లాప్‌టాప్ రాదు, లాగిన్లు రావు. మెంటార్ రిలీజ్ పనుల్లో మునిగిపోయి ఉంటాడు. ఖాళీగా ఉన్న పిల్లను చూసి పక్క టీమ్ మాన్యువల్ టెస్టింగ్ షీటు ఒకటి ఇస్తుంది. అది అయ్యాక ఇంకొకటి. మార్చి వచ్చేసరికి ఆమె ఆ షీట్ల మనిషి అయిపోతుంది. ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండకపోవచ్చు. నాలుగో వారం ముగిసేసరికి ఆమె రాసిన ఒక్క లైనైనా సీనియర్ చూసి వ్యాఖ్య పెట్టలేదంటే, దారి తప్పిందని అనుకోవచ్చు. ఉత్తరంలో అంశాలు రాసి ఉంటే మెంటార్‌ను అడగడానికి ఆధారం ఉంటుంది. లేకపోతే ఆ అడగడం ఫిర్యాదులా వినిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ కాని చోట్ల ఇదే సమస్య ఇంకా తేటగా కనిపిస్తుంది. బీబీఏ, బీకాం పిల్లలకు వచ్చే ‘బిజినెస్ డెవలప్‌మెంట్ ఇంటర్న్’ ఆఫర్లలో కొన్నింటిని విప్పి చూస్తే, రోజంతా ఫోన్లు చేసి కోర్సులో బీమా పాలసీలో అమ్మడమే పని. స్టైపెండ్‌లో చిన్న భాగం స్థిరం, మిగతాది టార్గెట్ మీద. మార్కెటింగ్ నేర్చుకోవడానికి ఫోన్లు చేయడం పనికిరాదని కాదు. కానీ టార్గెట్ ఒక్కటే రాసి, ఎవరు శిక్షణ ఇస్తారో రాయని ఉత్తరం అమ్మకాల ఉద్యోగానికి తక్కువ జీతంతో మనిషిని తీసుకోవడమే. అమెరికా కోర్టు చెప్పిన కొలబద్ద ఇలాంటి చోట పెట్టి చూస్తే జవాబు వెంటనే దొరుకుతుంది.

కాలేజీ వైపు నుంచి కూడా ఈ అంశాలకు పని ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో మార్చిన పాఠ్య ప్రణాళికతో డిగ్రీ విద్యార్థులకు మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఇంజినీరింగ్‌లోనూ చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు పనులతో నిండి ఉంటుంది. ఆ అమ్మాయి లాగ్ బుక్ రాయాలి, నివేదిక ఇవ్వాలి, వైవాలో జవాబులు చెప్పాలి. అదే ఉత్తరంలో గోప్యత నిబంధన ఇంకొకటి ఉంటుంది: సంస్థకు చెందిన ఏ సమాచారమూ బయట పెట్టరాదు. రెండూ ఎదురుపడేది మేలో, నివేదిక రాసే వేళ. కోడ్ చూపించకూడదు, స్క్రీన్‌షాట్ పెట్టకూడదు, క్లయింటు పేరు చెప్పకూడదు. మరి వైవాలో ఏం చూపించాలి? దీనికి విరుగుడు జనవరిలోనే ఉంది. కాలేజీ నివేదికలో ఏ మేరకు రాయవచ్చో, రాశాక ఎవరి ఆమోదం తీసుకోవాలో ఒక వాక్యం చేర్చమని అడగడం. చాలా కంపెనీలు దీనికి అభ్యంతరం చెప్పవు. అడిగేవాళ్లే తక్కువ.

గోప్యతకు పక్కనే ఉండే మరో నిబంధన, ఇంటర్న్ తయారుచేసినదంతా సంస్థ సొంతమన్నది. కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి గానీ అప్రెంటిస్ గానీ పనిలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు. ఇంటర్న్ ఆ నిర్వచనంలోకి వస్తారో రారో అన్న అనుమానం మిగలకుండా కంపెనీలు ఈ వాక్యం రాసుకుంటాయి. అందులో తప్పేమీ లేదు. చూడాల్సింది ఒక్కటే: ‘ఇంటర్న్‌షిప్ పనిలో భాగంగా’ అని ఉందా, లేక ‘ఇంటర్న్‌షిప్ కాలంలో తయారుచేసినదంతా’ అని ఉందా. రెండోది ఉంటే, హాస్టల్ గదిలో రాత్రిళ్లు సొంతంగా కట్టుకుంటున్న యాప్ కూడా ఆ వలలో పడుతుంది.

ఇప్పుడు అమ్మ చూసిన అంకె దగ్గరికి వద్దాం. నెలకు 15,000. ఈ అంకె చుట్టూ ఉత్తరంలో రెండు చిన్న వాక్యాలు ఉన్నాయి. పనిచేసిన రోజుల లెక్కన చెల్లిస్తామని ఒకటి, మరుసటి నెల 10వ తేదీన ఇస్తామని ఇంకొకటి. జనవరి 12న చేరితే ఆ నెలలో 20 రోజులు. 31 రోజులకు 15,000 అయితే 20 రోజులకు 9,677. అదీ ఫిబ్రవరి 10న చేతికొస్తుంది. మాదాపూర్ చుట్టుపక్కల పీజీ హాస్టల్ నెలకు 8,000 అనుకుంటే, చేరే రోజున అద్దె, ఒక నెల అడ్వాన్సు కలిపి 16,000 కట్టాలి. దానికి బస్ పాస్, నెలపాటు చేతి ఖర్చు కలిపితే, మొదటి రూపాయి రాకముందే ఇంటి నుంచి 20,000 దాకా వెళ్తుంది. నిరుడు అప్పు చేసి ఫీజు కట్టిన ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. ఈ లెక్క డిసెంబరులోనే వేసుకుంటే, మొదటి నెల అడ్వాన్సు ఇస్తారా, లేదా మొదటి రెండు వారాలు ఇంటి నుంచే శిక్షణ తీసుకోవచ్చా అని అడిగే వీలుంటుంది.

మొత్తం కాలానికి లెక్క కడితే జనవరికి 9,677, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఐదు నెలలకు 75,000, జులైలో పది రోజులకు 4,839. కలిపితే 89,516. ఇందులోంచి పన్ను ఎంత పోతుందన్నది స్టైపెండ్‌ను కంపెనీ ఎలా చూపిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. జీతంగా చూపిస్తే పన్ను పరిమితికి చాలా లోపల ఉంది కాబట్టి పట్టుకోవాల్సింది ఉండదు. వృత్తిపరమైన ఫీజుగా చూపిస్తే, ఏడాదికి 50,000 దాటినప్పుడు 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. ఈ అమ్మాయి విషయంలో నెలల వారీగా లెక్కేస్తే మార్చి 31 దాకా అయ్యేది 39,677, ఏప్రిల్ నుంచి అయ్యేది 49,839. ఏ ఆర్థిక సంవత్సరంలోనూ 50,000 దాటలేదు. అయినా కొన్ని కంపెనీలు ముందుజాగ్రత్తగా పట్టుకుంటాయి. పాన్ నంబరు ఇచ్చి ఉంటే ఆ డబ్బు ఎక్కడికీ పోదు. వేరే ఆదాయం లేకపోతే, ఆ ఏడాదికి రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది.

స్టైపెండ్ గురించి ఇంకో ముక్క. వార్తల్లో వినే ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్నీ దీన్నీ కలిపి చూడకూడదు. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు ఆ పథకం 12 నెలలది. అప్పట్లో నెలకు 5,000లో 4,500 ప్రభుత్వం నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తే, 500 కంపెనీ ఇచ్చేది. చేరేటప్పుడు ఒకసారి 6,000 అదనం. కానీ మొదలైనప్పుడు అది పూర్తికాలం కాలేజీలో చదువుతున్నవారి కోసం పెట్టింది కాదు.

కాలవ్యవధి దగ్గర ఇబ్బంది పెట్టేది జనవరి 12 కాదు, జులై 10. సెమిస్టర్ పరీక్షలో వైవాలో మేలో ఉంటే, ఆ రోజుల సెలవు గురించి ఉత్తరంలో రాసి ఉండాలి. లేకపోతే రోజుల లెక్కన స్టైపెండ్ కోత పడటమే కాదు, కొన్ని చోట్ల ‘అనుమతి లేని గైర్హాజరు’ కింద ఇంటర్న్‌షిప్‌నే ముగించే వీలుంటుంది. ఆ ముగింపు నిబంధనను నిదానంగా చదవాలి. సంస్థ ఎప్పుడైనా, కారణం చెప్పకుండా ఆపేయవచ్చు; విద్యార్థి మానుకోవాలంటే మాత్రం 30 రోజుల నోటీసు ఇవ్వాలి, లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వం. ఇలాంటివి కనిపిస్తుంటాయి. మామూలు ఉద్యోగికి పోయేది ఒక జీతమే కావచ్చు. ఈ అమ్మాయికి ఏప్రిల్‌లో ఇంటర్న్‌షిప్ ఆగిపోయి చేతిలో సర్టిఫికెట్ లేకపోతే పోయేది సెమిస్టర్ క్రెడిట్లు, దాంతోపాటు డిగ్రీ చేతికొచ్చే సమయం. అందుకే నోటీసు ఇద్దరికీ సమానంగా ఉండాలనీ, మధ్యలో ఆగినా పనిచేసిన కాలానికి ధ్రువపత్రం ఇవ్వాలనీ అడగడం అత్యాశ కాదు. మొత్తం ఉత్తరంలో ఒక్క మార్పు మాత్రమే అడిగే వీలుంటే, ఆ ధ్రువపత్రం వాక్యాన్నే అడగాలి.

సర్టిఫికెట్ అంత ముఖ్యం అయింది కాబట్టే దాన్ని అమ్మేవాళ్లూ పుట్టుకొచ్చారు. రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్ అంటూ కొన్ని వేలు కట్టించుకుని ఆఫర్ లెటర్, సర్టిఫికెట్ రెండూ ఒకే వారంలో పంపేవాళ్లు ఉన్నారు. ఇంటర్న్‌షిప్‌లో డబ్బు కంపెనీ నుంచి విద్యార్థికి రావాలి, లేదా అసలు చేతులు మారకూడదు. విద్యార్థి నుంచి కంపెనీకి వెళ్తోందంటే అది డబ్బు కట్టి చేరే కోర్సు మాత్రమే. ఒరిజినల్ మార్కుల జాబితాలు, సంతకం చేసిన ఖాళీ చెక్కు అడిగినా ఇవ్వనవసరం లేదు. పరిశీలనకు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.

ఉత్తరం పంపింది నిజమైన కంపెనీయా అని చూసుకోవడానికి ఇంట్లో కూర్చుని చేయగలిగే పని ఒకటుంది. నమోదైన కంపెనీ లెటర్‌హెడ్ మీద 21 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి. ఉదాహరణకు డాక్టర్ రెడ్డీస్‌ది L85195TG1984PLC004507. మొదటి అక్షరం స్టాక్ మార్కెట్లో నమోదైందని చెబుతుంది, నమోదు కానిదైతే అక్కడ U ఉంటుంది. తర్వాతి ఐదు అంకెలు పరిశ్రమ, TG అంటే తెలంగాణ, 1984 నమోదైన ఏడాది, PLC అంటే పబ్లిక్ కంపెనీ, చివరి ఆరు అంకెలు రిజిస్టర్‌లోని వరుస సంఖ్య. పదేళ్ల అనుభవం ఉందని చెప్పుకునే కంపెనీ సంఖ్యలో నిరుటి ఏడాది కనిపించినా, లెటర్‌హెడ్ మీదున్న పేరు, కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆ సంఖ్య దగ్గరున్న పేరు వేరుగా ఉన్నా అక్కడే ఆగి విచారించాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే ఖాతా స్తంభింపజేసే వీలు అంత ఎక్కువ.

ఉత్తరంలో రాయకపోయినా అమ్మాయికి ఉన్న ఒక హక్కు గురించి ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. పనిచోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ఉద్యోగి అన్న నిర్వచనంలో ట్రైనీలనూ అప్రెంటిస్‌లనూ, జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారినీ కలిపింది. ‘ఇంటర్న్ మా ఉద్యోగి కాదు’ అని ఉత్తరంలో ఎంత స్పష్టంగా రాసుకున్నా ఈ విషయంలో అది చెల్లదు. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. చేరిన రోజున ఆ కమిటీ వివరాలు ఎక్కడ పెట్టారో చూసుకుంటే చాలు.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు ఇదే ఉత్తరం ఇంకొక భారం మోస్తుంది. ఎఫ్-1 వీసా మీద చదువుతూ కాలేజీ బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే చాలామంది వాడుకునేది సీపీటీ అనుమతి. యూనివర్సిటీ ఆ అనుమతి ఇచ్చేది ఆఫర్ లెటర్‌లోని సంస్థ చిరునామా, మొదలు చివరి తేదీలు, వారానికి ఎన్ని గంటలు అన్న వివరాలు చూసే. అనుమతి ఐ-20 మీద పడకముందు ఒక్క రోజు పనిచేసినా వీసా స్థితికే ముప్పు. పూర్తికాలం సీపీటీ 12 నెలలు నిండితే, అదే స్థాయి చదువు మీద ఆ తర్వాత రావాల్సిన ఓపీటీ పోతుంది. అక్కడ కాలవ్యవధి ఒక్క రోజు అటూ ఇటూ రాయడం కూడా చిన్న విషయం కాదు.

భీమవరం అమ్మాయికి ఇచ్చిన గడువు మూడు రోజులు. మొదటి రోజు ప్లేస్‌మెంట్ సెల్‌కు మెయిల్, కంపెనీ సంఖ్య తనిఖీ. రెండో రోజు హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్: అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు చెప్పి, చేరడానికి సుముఖంగా ఉన్నానని రాసి, నాలుగు విషయాలు అడగాలి. నేర్చుకునే అంశాలు, మెంటార్ పేరు ఒక అనుబంధంగా ఇవ్వగలరా? మేలో వైవాకు సెలవు ఉంటుందా? ఉద్యోగం గురించి నిర్ణయం ఏ తేదీకి చెబుతారు? మధ్యలో ముగిస్తే పనిచేసిన కాలానికి ధ్రువపత్రం ఇస్తారా? సాధారణంగా ఇలాంటి మెయిల్‌కు ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీలు అరుదు. ఉత్తరం నమూనా మార్చలేమని చెప్పడమే ఎక్కువ. అలా చెప్పినా ఫర్వాలేదు, జవాబు మెయిల్‌లోనే ఇవ్వమనాలి. మెంటార్ ఎవరో, ఏ టీమో, మే సెలవులు ఒప్పుకున్నారో అందులో ఉంటే అదే చాలా వరకు పని చేస్తుంది. నాలుగింటికీ జవాబు రాకపోయినా, చేరాలా వద్దా అని నాన్నతో కూర్చుని మాట్లాడుకోవడానికి ఆమె దగ్గర 15,000 అన్న అంకె కన్నా ఎక్కువ వివరమే ఉంటుంది.

మూడో రోజు సంతకం. రెండు పేజీల మీదా సంతకం చేసి, తేదీ వేసి, స్కాన్ చేసి పంపాక, కంపెనీ వాళ్లు సంతకం చేసిన ప్రతిని వెనక్కి అడిగి తీసుకోవాలి. దాన్నీ, హెచ్‌ఆర్ మెయిల్ జవాబునూ సొంత మెయిల్‌కు పంపి దాచుకోవాలి. కంపెనీ ఇచ్చిన మెయిల్ ఐడీలో ఉంచితే, ఇంటర్న్‌షిప్ ముగిసిన రోజే ఆ లాగిన్ మూసుకుపోతుంది.